గ్యారేజీ మరమ్మతా, చేతికి నగదా: ఏది మేలు?

సింగరాయకొండ దగ్గర జాతీయ రహదారిపై గేదె అడ్డం వచ్చి, మూడేళ్ల నాలుగు నెలల వయసున్న చిన్న కారు ముందు భాగం దెబ్బతిన్నదనుకుందాం. ఒంగోలు వర్క్‌షాపు వేసిన అంచనా పన్నుతో కలిపి 44,840 రూపాయలు. సర్వేయరు చూసి వెళ్లిన రెండు రోజులకు బీమా కంపెనీ నుంచి ఫోను వస్తుంది: "26,000 నగదు ఇస్తాం, మరమ్మతు మీరే చేయించుకోండి."

అంచనాతో పోలిస్తే ఈ మొత్తం తక్కువగా కనిపిస్తుంది గాని, పోల్చవలసింది అంచనాతో కాదు. మరమ్మతు చేయించినా కంపెనీ అంతా భరించదు. సాధారణ పాలసీలో బంపరు, హెడ్‌లైటు వంటి ప్లాస్టిక్ భాగాలకు సగం, ఈ వయసు కారులో బానెట్ వంటి లోహ భాగాలకు పావు వంతు తరుగుదల కోస్తారు. రంగు సామగ్రిలోనూ సగం పోతుంది. వీటికి తప్పనిసరి మినహాయింపు 1,000 కలిపితే ఈ కారు యజమాని చేతి నుంచి పెట్టవలసినది 11,620 రూపాయలు, కంపెనీ చెల్లించేది 33,220. నగదు ఇవ్వజూపేటప్పుడు అదే తరుగుదల కోయడమే కాక, బిల్లు లేదన్న కారణంతో సాధారణంగా జీఎస్టీని కూడా తీసేస్తారు.

కాబట్టి నగదుకు మన వాటాను కలపాలి: 26,000 కు 11,620 కలిపితే 37,620. బయటి మెకానిక్ అదే పనిని ఇంతకంటే బాగా తక్కువకు చేయగలిగితేనే నగదు లాభం. బానెట్‌ను మార్చకుండా డెంటింగుతో సరిచేయగలిగే చోట ఇది సాధ్యమే. తరుగుదల కోయని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉంటే మాత్రం మన వాటా దాదాపు 1,000కి దిగుతుంది. అప్పుడు నగదుకు ఒప్పుకోవడం, నా దృష్టిలో, కట్టిన అదనపు ప్రీమియాన్ని వదులుకోవడమే.

అసలు ప్రమాదం బంపరు వెనుక ఉంటుంది. అక్కడి ఏసీ కండెన్సరుకు సన్నని చీలిక పడితే గ్యాసు మెల్లగా కారుతుంది. వారం తర్వాత చల్లదనం తగ్గినప్పుడే తెలుస్తుంది. మరమ్మతు దారిలోనైతే విప్పాక బయటపడిన నష్టాన్ని సర్వేయరుకు మళ్లీ చూపి అంచనాలో చేర్పించవచ్చు. నగదు తీసుకుని 'పూర్తి, తుది పరిష్కారం' అని ఉన్న వోచరుపై సంతకం చేశాక ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. అందుకని సంతకానికి ముందే బంపరు ఊడదీయించి, ఏసీ గ్యాసు పీడనం చూపించుకోవాలి. దానికి అయ్యే కూలీని ఖర్చుగా లెక్కించకండి.

నో క్లెయిమ్ బోనస్ రెండు దారుల్లోనూ పోతుంది గనుక దాన్ని తూకంలో పెట్టనక్కరలేదు. నగదు తీసుకున్నవారు మరమ్మతు బిల్లులను, పని పూర్తయ్యాక తీసిన ఫోటోలను దాచుకోవాలి. లేదంటే రేపు మరో క్లెయిమ్ వచ్చినప్పుడు ఈ సొట్టను పాతదని తీసివేస్తారు. కారుపై అప్పు ఉంటే ఆ నగదు మీ ఖాతాకు వస్తుందో, ఫైనాన్స్ సంస్థకు వెళుతుందో ముందే అడిగి తెలుసుకోండి.