పాత దస్తావేజు ఫొటో ఇంగ్లీషులో రాయాలంటే: యాప్, ఊహ, ఖాళీ... ఏది మేలు?

అంబాజీపేట దగ్గర మా పెదనాన్నగారి కొబ్బరితోట పంపకాల్లో 1938 నాటి క్రయ దస్తావేజు ఇంగ్లీషులో కావాల్సొచ్చింది, ఎందుకంటే బెంగళూరులో పెరిగిన మనవలకి తెలుగు చదవడం రాదు. నాకొచ్చింది వాట్సాప్ ఫొటో. అంతా గొలుసుకట్టు రాత, పైగా వెనక పేజీ సిరా ఇటుపక్కకి ఊరిపోయింది.

ముందు ఫోన్‌లో ఫొటో చూసి తర్జుమా చేసే యాప్‌లో పెట్టాను. దక్షిణం హద్దులో ఉన్న పుంతని పంట అనుకుని అదే ఇంగ్లీషులో రాసిచ్చింది, బళ్ళు తిరిగే దారి కాస్తా పైరు అయిపోయింది. తప్పు కన్నా ఎక్కువ భయం వేసిందేంటంటే, తెలిసిన మాటా తెలియని మాటా ఒకే ధీమాతో రాస్తుంది, ఎక్కడ అనుమానించాలో మనకి తెలీదు.

రెండోది, అనుభవం ఉన్న మనిషి గబగబా చదివి అర్థం చెప్పేయడం. అమలాపురంలో ఒక పెద్దాయన, పాత లేఖరి, పది నిమిషాల్లో చదివేశారు. "పుత్రపౌత్ర పారంపర్యంగా" లాంటి మాటలు ప్రతి దస్తావేజులోనూ ఉండేవే కాబట్టి సగం అక్షరాలు పోయినా ఊహిస్తే ఫర్వాలేదు. కానీ విస్తీర్ణం దగ్గర కూడా అదే ఊపులో "ఇరవై రెండు సెంట్లు" అనేశారు, నాకేమో మొదటి అంకె ౨ ఓ ౩ ఓ తేలలేదు. పది సెంట్లంటే 484 గజాలండి, అన్నదమ్ముల మధ్య గొడవకి అది చాలు.

అందుకే నా ఓటు మూడో పద్ధతికే, ఆలస్యమైనా సరే. ముందు ఇంగ్లీషు మాట ఎత్తకుండా లైను నంబర్లు వేసుకుని తెలుగులోనే ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి, తేలని చోట [?] పెట్టాలి. తర్వాత అదే చేతిరాతలో స్పష్టంగా ఉన్న అక్షరం వెతకాలి. ఇక్కడ పైన తేదీలో ౧౯౩౮ ఉంది, అందులో ౩ కి కింద తోక ఉంది, విస్తీర్ణంలో అంకెకీ ఆ తోక లీలగా కనిపించింది. అక్షరాల్లో రాసిన చోట సరిగ్గా కాగితం మడత. అసలు కాగితాన్ని పక్కనుంచి వెలుతురు పడేలా మళ్ళీ ఫొటో తీయించి డాక్యుమెంటుగా పంపమన్నాను (మామూలుగా పంపితే వాట్సాప్ నాణ్యత తగ్గించేస్తుంది), "ముప్పై" లో "ము" కనపడింది. అయినా దానితో ఆగకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించాం, అది వేరే చేతిరాత కాబట్టి సాక్ష్యంగా బలం ఎక్కువ. అందులో శుభ్రంగా ముప్పై రెండు సెంట్లనే ఉంది.

తూర్పు హద్దులో ఆసామి పేరు మాత్రం నకల్లోనూ తేలలేదు, వీరయ్యో వీరన్నో. ఇంగ్లీషులో రెండు పేర్లూ రాసి, లైను నంబరేసి, ఆ ముక్క ఫొటో పక్కనే అతికించి ఇచ్చాను.