మందుల షాపులో ‘అందరికీ ఒకటే జవాబు’: ఏళ్ల తరబడి పాటించాక నా సమీక్ష

ప్రభుత్వాసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఓపీ ముగిసే వేళకు కౌంటరు ముందు జనం కిక్కిరిసి ఉంటారు. వారిలో చాలామంది ఒకరికొకరు తెలిసినవారే. కోడలు ఏ మాత్రలు తీసుకుంది, పక్కింటి కుర్రాడు ప్రతి నెలా ఎందుకు వస్తున్నాడు, మా డ్రైవరుకు ఏమైనా జబ్బుందా అని అడిగేవారు లేని రోజు ఉండదు. ఇలాంటి ప్రశ్నలను ఎదుర్కోవడానికి కరోనా తర్వాత మా షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇన్నేళ్లు పాటించాక దాని బలం, లోటు రెండూ తెలిశాయి కాబట్టి ఇది రాస్తున్నాను. పద్ధతి బాగా పనిచేస్తోంది. అయితే నోటిని అదుపులో పెట్టుకోవడం అందులో సగమే. మిగతా సగం కంప్యూటరు దగ్గర ఉంది.

మా పద్ధతికి మూలం ఒకే మాట: “ఎవరి మందుల గురించీ వేరేవారికి చెప్పమండి. మీ మందుల గురించి ఎవరు అడిగినా ఇదే చెబుతాం.” షాపులో ఉన్న ఐదుగురమూ ఇదే అంటాం. అడిగింది ఎవరైనా, దాచవలసింది ఏమీ లేకపోయినా ఇదే అంటాం. చివరి షరతే అన్నిటికన్నా ముఖ్యం. చాలా షాపుల్లో మనిషి రాకపోతే “అతను మా దగ్గరికి రాలేదండి” అంటారు, వస్తే “అది చెప్పకూడదండి” అంటారు. అలాంటప్పుడు ‘చెప్పకూడదు’ అన్న మాటే ‘వచ్చాడు, ఏదో కొన్నాడు’ అని చెప్పినట్టవుతుంది. అడిగేవారికి రెండుసార్లు అడిగితే చాలు, తేడా పట్టేస్తారు. అందుకే జలుబు మాత్ర కొన్నా, మానసిక వైద్యుడు రాసిన మందు కొన్నా, అసలు షాపు మెట్లే ఎక్కకపోయినా జవాబు మారదు.

రెండో వాక్యం ఎందుకు అవసరమో ఒక పెద్దావిడతో మాట్లాడినప్పుడు బాగా తెలిసింది. ఆవిడ షుగరుకూ బీపీకీ మా దగ్గరే మందులు కొంటారు. తన మందులు సంచిలో వేసుకుని, పక్కన ఉన్నవారు కదిలేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

“మా కోడలు నిన్న ఏవో మాత్రలు తీసుకుందట, ఏమిటమ్మా అవి?”

“ఎవరి మందుల గురించీ వేరేవారికి చెప్పమండి.”

“నేను పరాయిదాన్నా? ఒకే ఇల్లు, ఒకే వంట.”

“పరాయివారు కాదమ్మా. రేపు మీ మందుల గురించి మీ కోడలు అడిగినా ఆమెకూ ఇదే మాట చెబుతాను.”

ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, “అయితే నావి కూడా ఎవరికీ చెప్పవన్నమాట” అన్నారు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. ‘చెప్పం’ అని మాత్రమే అంటే తనను నమ్మడం లేదని అడిగినవారికి అనిపిస్తుంది. వారి రహస్యమూ మా దగ్గర భద్రంగా ఉందని గుర్తు చేస్తే కోపం చాలావరకు తగ్గుతుంది. అందరి విషయంలో కాదు. ఈ మాట విని షాపు మార్చేసినవారు కూడా ఉన్నారు.

మందు పేరు చెబితే జబ్బు తెలిసిపోతుందని అడిగేవారు అనుకుంటారు. అది తరచు తప్పవుతుంది. మెట్‌ఫార్మిన్ షుగరుకు ఇస్తారని అందరికీ తెలుసు. అండాశయాల్లో నీటి తిత్తుల సమస్య ఉన్న అమ్మాయిలకూ వైద్యులు దాన్ని రాస్తారు. అమిట్రిప్టిలిన్ మానసిక దిగులుకు వాడే పాత మందు. తక్కువ మోతాదులో మైగ్రేన్‌కూ నరాల నొప్పికీ ఇస్తారు. పెళ్లి కావలసిన అమ్మాయి సంచిలో ఈ స్ట్రిప్పు కనిపించి, పక్కింటివారు దాని ఫొటో పట్టుకొస్తే నేను చెప్పే ప్రతి ముక్కా ఊహ కిందికే వస్తుంది. ఆ ఊహ మాత్రం ఫార్మసిస్టు చెప్పిన నిజంగా వీధంతా తిరుగుతుంది. అందుకే ఖాళీ స్ట్రిప్పు తెచ్చి “ఇది దేనికి?” అని అడిగేవారిని ముందు నేనొకటి అడుగుతాను: “ఇది మీరు వాడుతున్నారా, లేక ఎవరైనా పొరపాటున మింగారా?” పిల్లలెవరైనా మింగి ఉంటే ఇక రహస్యమన్న మాటే లేదు. ఏ మందో, ఎన్ని మిల్లీగ్రాములో కాగితం మీద రాసిచ్చి వెంటనే ఆసుపత్రికి పంపిస్తాను. ఈ రెండూ కాకపోతే, వాడుతున్నవారినే వచ్చి అడగమంటాను.

ఇక కంప్యూటరు సంగతి. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మనిషిని మొబైల్ నంబరుతో గుర్తిస్తుంది. మన ఇళ్లలో నలుగురూ ఒకే నంబరు ఇస్తారు, సాధారణంగా ఇంటి యజమానిది. ఆ నంబరు కొట్టగానే ఇంట్లో అందరి పాత బిల్లులూ ఒకే వరుసలో తెర మీదికి వస్తాయి. మామగారు బీపీ మాత్రలకు వస్తే, కౌంటరులోని కుర్రాడు సాయం చేద్దామనే “పోయినసారివే ఇమ్మంటారా?” అని తెర మీది పేర్లు చదువుతాడు. అందులో కోడలు కొన్న గర్భనిరోధక మాత్రలు ఉండొచ్చు. బిల్లు మెసేజ్ కూడా అదే నంబరుకు, అంటే భర్త ఫోనుకో మామగారి ఫోనుకో వెళుతుంది. ఎవరూ నోరు విప్పకుండానే విషయం ఇంటికి చేరిపోతుంది.

దీనికి మేము చేసినవి చిన్న మార్పులే. ఒకే నంబరు కింద ఉన్నా మనిషికొక పేరుతో విడిగా ఖాతా తెరిచాం. పాత బిల్లులు వాటంతట అవి తెర మీదికి రాకుండా ఆపించాం. మెసేజ్ పంపాలా వద్దా, పంపితే ఏ నంబరుకు అని అడుగుతున్నాం. తెరను గోడవైపు తిప్పాం. పద్ధతి మొత్తంలో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ భాగమే. నోటితో చెప్పే జవాబు ఎంత బాగున్నా ఇది చేయకపోతే దండగ.

కొందరు బిల్లు వేరే పేరుతో రాయమని అడుగుతారు. ఆందోళనకు వాడే అల్ప్రజోలం, నిద్రకు వాడే జోల్పిడెం, క్షయ మందుల వంటివి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా కిందికి వస్తాయి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన ప్రకారం రోగి పేరు, వైద్యుడి పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. కాబట్టి పేరు మార్చలేం. ఆ రిజిస్టరును తనిఖీ అధికారికి తప్ప ఎవరికీ చూపించం అని వారికి చెబుతాను. ఆ మాట నిజం కావాలంటే రిజిస్టరు కౌంటరు మీద తెరిచి ఉండకూడదు. మాది ఇప్పుడు సొరుగులో ఉంటుంది. రాయగానే మూసేస్తాం.

అన్నిటికన్నా చిక్కు తెచ్చేవారు యజమానులు. ఒకసారి ఒక రవాణా సంస్థ మేనేజరు తన డ్రైవరు పెట్టుకున్న వైద్య ఖర్చుల బిల్లు పట్టుకుని వచ్చారు. “ఈ బిల్లు మీదేనా?” అన్నది మొదటి ప్రశ్న. అది న్యాయమైనదే, దొంగ బిల్లులు ఉంటాయి. ఆ వెంటనే రెండోది: “ఈ సోడియం వాల్‌ప్రోయేట్ మూర్ఛకే కదా? ఎన్నాళ్లుగా కొంటున్నాడు?” ఈ రెండు ప్రశ్నలకూ దారులు వేరు. మొదటిదానికి సంస్థ లెటర్‌హెడ్ మీద, డ్రైవరు సమ్మతి సంతకంతో ఉత్తరం తెమ్మన్నాను. తెచ్చాక, ఆ నంబరు బిల్లు మా రికార్డులో ఉందనీ తేదీ, మొత్తం సరిపోయాయనీ మాత్రమే రాసిచ్చాను. మందు పేరు, వైద్యుడి పేరు, పాత కొనుగోళ్లు అందులో లేవు. ఇలా విచారణ వచ్చిందని డ్రైవరుకు ఫోన్ చేసి చెప్పాను. రెండో ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు.

మూర్ఛ ఉన్న మనిషి లారీ నడిపితే రోడ్డు మీద వెళ్లేవారి సంగతేమిటి అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కానీ వాల్‌ప్రోయేట్‌ను మైగ్రేన్ రాకుండానూ ఇస్తారు, బైపోలార్ జబ్బుకూ ఇస్తారు. బిల్లు చూసి జబ్బు తేల్చే అధికారం నాకు లేదు. సంస్థకు అనుమానం ఉంటే డ్రైవరును వైద్య పరీక్షకు పంపవచ్చు. బండి నడపడానికి పనికొస్తాడో లేదో చెప్పవలసింది వైద్యుడు. ఆ డ్రైవరు తర్వాతిసారి వచ్చినప్పుడు పక్కకు పిలిచి, ఈ మందుతో మగత వస్తుందా, స్టీరింగ్ పట్టుకునే విషయం వైద్యుడితో మాట్లాడారా అని అడిగాను. బండి నడుపుతుండగా ఫిట్స్ వచ్చిందని అతనే చెప్పి ఉంటే మందు రాసిన వైద్యుడికి ఫోన్ చేసేదాన్ని. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగి రహస్యం బయటపెట్టవద్దంటూనే కొన్ని మినహాయింపులు ఇచ్చాయి. ఫలానా వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ముప్పు ఉండటం వాటిలో ఒకటి. కోర్టు ఆదేశం, ప్రభుత్వానికి తెలపవలసిన జబ్బు మిగతావి. మేనేజరు అనుమానం వీటిలో దేని కిందికీ రాదు. క్షయ మందులు అమ్మినప్పుడు ఆ వివరం ప్రభుత్వ క్షయ నివారణ సిబ్బందికి తెలపడం 2018 నుంచి మందుల షాపుల బాధ్యత. అది మేము చేస్తాం. ఆ సాకుతో అదే వివరం యజమానికో పొరుగువారికో చెప్పడం మాత్రం కుదరదు.

ఈ పద్ధతికి పెద్ద లోటు మన కుటుంబాల తీరులోనే ఉంది. తండ్రి మందులు కొడుకు తీసుకెళతాడు, అమ్మమ్మవి మనవరాలు తీసుకెళుతుంది. ‘ఎవరికీ చెప్పం’ అని బిగుసుకుంటే మోతాదు కూడా చెప్పలేం, రోగికి హాని జరుగుతుంది. మొదట్లో మా కుర్రాళ్లు ఇక్కడే తికమకపడ్డారు. ఇప్పుడు రెండు వేర్వేరు అనుమతులు అడుగుతాం: ఈ మనిషి మందులు తీసుకెళ్లవచ్చా, ఈ మనిషితో జబ్బు సంగతి మాట్లాడవచ్చా. రోగి స్వయంగా వచ్చినప్పుడో ఫోనులోనో అడిగి ఖాతాలో రాసుకుంటాం. మొదటి అనుమతి మాత్రమే ఉంటే, ఎప్పుడు ఎన్ని వేసుకోవాలో కవరు మీద రాసి, దాన్ని మడిచి పిన్ను కొట్టి ఇస్తాం. దేనికి అన్నది రాయం. అంతకు మించి చెప్పవలసి ఉంటే రద్దీ తగ్గాక రోగికే ఫోన్ చేస్తాం. దీనికి సమయం పడుతుంది. ఒక్కరే నడిపే షాపులో సాయంత్రం రద్దీలో ఇది పూర్తిగా సాధ్యమని చెప్పలేను.

రెండో లోటు కౌంటరు ముందున్న జనం. గోడ కట్టే చోటు లేదు. వెనక అరల దగ్గర ఉన్న కుర్రాడికి మందు పేరు అరిచి చెప్పడం మానేసి చీటీ అందిస్తున్నాం. మోతాదు చెప్పేటప్పుడు స్ట్రిప్పు పేరు పలకకుండా వేలితో చూపిస్తాను. దీనివల్ల కొంత నయం. చెవి సరిగా వినపడని పెద్దవారి దగ్గర మాత్రం ఇది కుదరదు, గట్టిగా చెప్పక తప్పదు. వారిని కౌంటరు చివరన ఉన్న స్టూలు మీద కూర్చోబెట్టి మాట్లాడుతున్నాం. అక్కడికీ మాట వినిపిస్తూనే ఉంటుంది.

మూడోది ఇంకా తేలలేదు. మందుల చీటీల ఫొటోలు షాపు ఫోనుకు వాట్సాప్‌లో వస్తాయి. ఆ ఫోను అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. బిల్లు కాగానే ఫొటో తీసేయాలని నియమం పెట్టుకున్నాం. సాయంత్రం రద్దీలో అది రోజూ జరగడం లేదు. ఈ పద్ధతి మొదలుపెట్టాలనుకునే షాపువారు ముందు సాఫ్ట్‌వేర్‌లో ఖాతాలు విడదీయండి, ఆ తర్వాత ఆ ఫోను ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకోండి, జవాబు నేర్పడం ఆపైన.