గ్రిల్ కింద క్యాప్సికమ్, టమాటా: తొక్క ఊడే తీరే వేరు

రెండూ ఒకే ట్రేలో పెట్టేసి ఒకేసారి తీద్దామనుకుంటే ఏదో ఒకటి పాడవుతుంది, నాకు మొదటిసారి టమాటాలు గుజ్జయిపోయాయి.

క్యాప్సికమ్ మొండిది. కాయను కోయకుండా, గ్రిల్‌కి జానెడులో సగం దూరంలో పెట్టి, నాలుగైదు నిమిషాలకోసారి పటకారుతో తిప్పుతూ ఉంటే మొత్తం ఇరవై నిమిషాల దాకా పడుతుంది. గోధుమరంగు మచ్చలు వచ్చాయని ఆపేయకండి, తొక్క బొబ్బలెక్కి నల్లబడాలి, లేకపోతే గోటితో గీకినా రాదు. తీయగానే గిన్నెలో వేసి పది నిమిషాలు మూత పెట్టండి. లోపలి ఆవిరికి తొక్క వదులై పలచటి కాగితంలా లేచి వస్తుంది. కుళాయి కింద మాత్రం కడగొద్దు, కాల్చిన రుచంతా నీళ్లపాలు!

టమాటాకి ఇంత తతంగం లేదు. తొడిమ దగ్గర గట్టి భాగం తీసేసి, సగానికి కోసి, కోసిన వైపు కిందికి పెడితే తిప్పే పనే లేదు. ఎనిమిది, పది నిమిషాల్లో తొక్క ముడతలు పడి అక్కడక్కడా నల్లబడుతుంది, అంతే చాలు, పూర్తిగా నల్లబడేదాకా ఆగితే కింద కండ నీరైపోతుంది. మూత కూడా వద్దు. రెండు నిమిషాలు చల్లారాక ముడత దగ్గర పట్టి లాగితే తొక్క టోపీలా ఊడొస్తుంది.

ఒకే ట్రే తప్పదంటే క్యాప్సికమ్ ముందు పెట్టి, సగం కాలాక టమాటాలు చేర్చండి.