హాస్టల్ మెస్‌కి ఉప్పుడు బియ్యమా, పచ్చి బియ్యమా?

పర్లాకిమిడి, గుణుపురం వైపు హాస్టల్ మెస్ నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పాతపట్నం వైపు నుంచి వచ్చిన పిల్లలు పచ్చి బియ్యం కావాలంటారు, ఒడియా పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉసునా, అంటే మన ఉప్పుడు బియ్యమే అలవాటు. తలకి రోజుకి ఇంత అని బిగించి ఇచ్చిన డబ్బు కాబట్టి మనం కిలో రేటే చూస్తాం. కానీ వార్చిన అన్నం చివరి బ్యాచ్ కూర్చునేదాకా ఎలా ఉంటుందో అదే ముందు చూడాలంటాను.

120 మంది మెస్ అనుకోండి. పూటకి తలకి 150 గ్రాముల చొప్పున 18 కిలోలు. పదకొండున్నరకి వార్చి, పెద్ద డేగిసాలో మూత పెట్టి, క్లాసులు వదిలేకొద్దీ రెండు గంటల దాకా వడ్డిస్తాం. పచ్చి బియ్యం, అందులోనూ సంక్రాంతి రోజుల్లో దిగే కొత్త బియ్యం అయితే, పైనున్న అన్నం బరువుకీ ఆవిరికీ అడుగుది ముద్దయిపోతుంది, చివర వచ్చినవాళ్లు సగం తిని లేచిపోతారు. అలా 2 కిలోల బియ్యమంత అన్నం పారబోస్తే, కిలో 40కి కొన్నది తిన్న లెక్కన 45 పడినట్టే. ఉప్పుడు బియ్యానికి వడ్లనే నానబెట్టి ఆవిరి పడతారు, దాంతో గింజ లోపలి పిండి గట్టిపడి ఎక్కువసేపు విడివిడిగా నిలుస్తుంది. తవుడులోని బి విటమిన్లు కొంత గింజలోకి దిగుతాయి కాబట్టి గంజి వార్చే మెస్‌లకి అదీ లాభమే.

ఇబ్బంది గ్యాస్‌తో. పది పదిహేను నిమిషాలు ఎక్కువ ఉడకాలి, అరగంట ముందే నానబెడితే కొంత తగ్గుతుంది. కొన్ని మిల్లుల సరుకు వాసన కూడా వస్తుంది, పిల్లలు ముద్ద దించరు.

అందుకే నేనైతే మధ్యాహ్నానికి ఉప్పుడు, రాత్రికి పచ్చి బియ్యం అంటాను. రాత్రి అందరూ ఒకేసారి కూర్చుంటారు, అన్నం నిలవాల్సిన పనిలేదు, గ్యాసూ కలిసొస్తుంది. రెండూ ఒకే డేగిసాలో మాత్రం కలపొద్దు, ఒకటి ఉడికేసరికి ఇంకొకటి చితికిపోతుంది. సన్న బియ్యం పండగలకి చాలు. నూకలు ఉప్మాకి తప్ప అన్నానికి వద్దు.

బస్తాలు దింపించుకునే ముందు ప్రతి లాట్ నుంచి రెండు కిలోలు తెచ్చి వండించండి. వార్చి, మూతపెట్టి గంటన్నర వదిలేసి, మూత తీయగానే వాసన చూసి, గరిటెతో అడుగు నుంచి తీయండి. మెతుకులు విడిగా రాలితేనే ఆ లాట్ తీసుకోండి, గడ్డగా లేస్తే రేటు ఎంత తగ్గించినా వెనక్కి పంపేయండి.