ఏడేళ్ల ఉమ్మడి ఖాతా: ఆ రోజు కౌంటర్ దగ్గర నాన్న అడిగినవి, అడగనిది

2018 జూన్‌లో తెనాలిలో మా అమ్మానాన్నల పేర ఉమ్మడి పొదుపు ఖాతా తెరిచాం. నాన్న ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. పింఛను వేరే బ్యాంకులో పడుతుంది. చేతికొచ్చిన సొమ్ములో కొంత భాగం అమ్మ కూడా స్వయంగా తీసుకోగలిగేలా ఉండాలన్నది ఆయన కోరిక. ఏడేళ్లుగా ఆ ఖాతాను దగ్గరుండి చూస్తున్నాను. పొదుపు ఖాతాగా నాకు పెద్ద ఫిర్యాదు లేదు. దానితోపాటు అదే రోజు వేసిన డిపాజిట్ మాత్రం మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది. రెండింటికీ మూలం ఆనాటి కౌంటర్ దగ్గరి సంభాషణలోనే ఉంది.

నాన్న దరఖాస్తులో ఒక్క గడి కూడా అర్థం కాకుండా నింపేవారు కాదు. ఖాతా ఎవరు నడపాలి అన్న చోట మూడు గడులున్నాయి. ఆయన కలం అక్కడ ఆగింది.

"ఈ 'ఐదర్ ఆర్ సర్వైవర్' అంటే ఏమిటమ్మా?"

"మీ ఇద్దరిలో ఎవరు సంతకం చేసినా డబ్బు ఇస్తాం, మాస్టారూ. ఒకరు లేకపోతే మిగిలినవారికి ఇస్తాం. పక్కనున్న 'ఫార్మర్' గడి పెడితే మొదటి పేరున్న మీరు ఉన్నంతకాలం మీరే తీయాలి, మీ తర్వాతే అమ్మగారు. మూడోది 'జాయింట్లీ', ప్రతిసారీ ఇద్దరి సంతకాలూ కావాలి."

"అయితే మొదటిదే. మరి మా ఆవిడ ఉండగా మళ్లీ నామినీ ఎందుకు?"

"నామినీ మాట మీ ఇద్దరి తర్వాతే వస్తుంది. ఒక్కరున్నా ఆ పేరుతో పని లేదు."

"అంటే నామినీయే వారసుడు."

"కాదండీ. నామినీకి ఇస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది, అంతే. ఆ డబ్బు వారసులందరిదీ. నామినీ దాన్ని వాళ్ల తరఫున అందుకునే మనిషి."

నాన్న నా వైపు చూసి, ఆ గడిలో నా పేరు రాశారు. "తమ్ముడి వాటా తమ్ముడికి ఇవ్వాలి, విన్నావుగా" అన్నారు. ఆ ఉద్యోగిని వెనక వరుస పొడుగు పెరుగుతున్నా విసుక్కోలేదు. ఆమె చెప్పినవన్నీ తర్వాత అక్షరాలా నిజమయ్యాయి కనుక ఇది ఇక్కడ రాస్తున్నాను.

తర్వాతి ప్రశ్న నెలవారీ సగటు నిల్వ గురించి. మాది 3,000 రూపాయలు. ఖాతాలో ఎప్పుడూ 3,000కు తగ్గకూడదని నేనూ అనుకున్నాను. ఆమె అలా కాదన్నారు. రోజూ సాయంత్రానికి ఉన్న నిల్వలన్నీ కూడి నెలలోని రోజులతో భాగిస్తారట. నాన్న డబ్బు జమచేసే చీటీ ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి లెక్క వేశారు.

"అయితే 30 రోజుల నెలలో ఒక్కరోజు 90,000 ఉంచి మర్నాడు మొత్తం తీసేస్తే?"

"సరిపోతుంది మాస్టారూ. ఆ నెలకు సగటు 3,000 వచ్చేసింది."

లెక్క సరిపోయిందని నాన్న ఎంత సంతోషించారో చెప్పలేను. ఈ లెక్క రెండువైపులా పనిచేస్తుందని మరుసటి ఏడాది తెలిసింది. 2019 జూన్‌లో ఖాతాలో 24 రోజులు 2,000, చివరి 6 రోజులు 5,000 ఉన్నాయి. నెలాఖరుకు 5,000 ఉంది కదా అని అమ్మ నిశ్చింతగా ఉంది. కానీ 48,000కు 30,000 కలిపి 30తో భాగిస్తే వచ్చేది 2,600. తక్కువైన 400కు జరిమానా 30 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 35 రూపాయల 40 పైసలు కోశారు. కోయడం కంటే, ముందుగా చెప్పకపోవడం నాకు నచ్చలేదు. నిల్వ తగ్గితే ఖాతాదారుకు తెలియజేసి, సరిచేసుకోవడానికి నెల గడువిచ్చాకే జరిమానా వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన. 2015 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. ఆ మాట రాసి మేనేజరుకు ఇచ్చాను. డబ్బు తిరిగి జమ అయింది. 2025లో పలు ప్రభుత్వ రంగ బ్యాంకులు ఈ జరిమానానే తీసేశాయి. కొత్తగా ఖాతా తెరిచేవారు తమ శాఖలో అది ఇంకా ఉందో లేదో ముందే అడగాలి.

2022లో నాన్న పోయారు. మరణ ధ్రువపత్రం, ఒక దరఖాస్తు, అమ్మ ఆధార్ కాపీ పట్టుకుని శాఖకు వెళ్లాం. నాన్న పేరు తీసేసి ఖాతా అమ్మ పేర కొనసాగించారు. డబ్బుకు అడ్డు రాలేదు. నామినీగా నా పేరు ఎవరూ ప్రస్తావించనే లేదు. నాన్న పెట్టిన ఆ టిక్కు గుర్తు అమ్మకు అంత పని చేసిపెట్టింది.

చిక్కంతా డిపాజిట్ దగ్గర వచ్చింది. అదే రోజు, అదే కౌంటర్లో, అదే పద్ధతిలో ఇద్దరి పేర ఐదేళ్లకు 5 లక్షలు వేశాం. 2023 దాకా గడువుంది. అమ్మకు కంటి ఆపరేషను, ఇంటి మరమ్మతు ఒకేసారి వచ్చిపడటంతో ముందే తీయాలనుకున్నాం. మనిషి పోయాక బతికున్నవారు తీసుకోవచ్చు కదా అని వెళితే, గడువు పూర్తయ్యాక అయితే అలాగే ఇస్తామని, గడువుకు ముందైతే కుదరదని అన్నారు. ఇద్దరూ ఉన్నప్పుడు ముందుగా తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు పోతే, మిగిలినవారు ఒంటరిగా ముందే తీసుకోవచ్చని ఇద్దరూ కలిసి ముందుగా రాసిచ్చి ఉండాలి. మేం రాసివ్వలేదు. కాబట్టి పోయినవారి వారసులందరి అంగీకారం తెమ్మన్నారు. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. పత్రం అక్కడికి వెళ్లి, సంతకమై, ధ్రువీకరణ జరిగి తిరిగి వచ్చేసరికి ఏడు వారాలు పట్టింది. ఆపరేషను డబ్బు నేను అప్పు తెచ్చి కట్టాను.

నిబంధన తప్పని నేను అనను. పొదుపు ఖాతాకు, డిపాజిట్‌కు ఒకే మాట ఒకేలా పనిచేయదని మాత్రం డిపాజిట్ వేసే రోజే చెప్పాలి. నాన్న అన్నీ అడిగారు, అది అడగడానికి ఆయనకు ఆధారమే లేదు. దరఖాస్తులో ఆ రాత ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. 'మిగిలినవారు గడువుకు ముందు తీసుకోవడానికి అనుమతి' అన్న వాక్యం పక్కన ఇద్దరూ సంతకం చేసి ఉంటే ఆ ఏడు వారాలు ఉండేవి కావు.

గత డిసెంబరులో అమ్మ, నేను కలిసి అదే శాఖలో కొత్త డిపాజిట్ వేశాం. ఈసారి కౌంటర్లో ఒక కుర్రవాడు ఉన్నాడు.

"నామినీ ఒక్కరే కావాలా అమ్మా? నవంబరు ఒకటి నుంచి నలుగురి దాకా పెట్టుకోవచ్చు. వాటాలు శాతాల్లో రాయొచ్చు, లేదా ఒకరి తర్వాత ఒకరు అని వరుస రాయొచ్చు."

"తమ్ముడి పేరు, కోడలి పేరు చెరి సగం రాయి" అంది అమ్మ నాతో. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని అతన్ని అడిగింది. "నేను పోతే మా అబ్బాయి దీన్ని ముందుగా తీసుకోవాలంటే ఎక్కడ సంతకం పెట్టాలి బాబూ?"

అతను కాగితం తిప్పి, రెండో పేజీ అడుగున ఉన్న వరుసను వేలితో చూపించాడు. ఇద్దరం సంతకాలు చేశాం. అమ్మ ఆ పేజీకి నకలు అడిగి తీసుకుని, మడతపెట్టి పాసుబుక్కు అట్టలో పెట్టుకుంది.