మూడేళ్ల జ్యూసర్, రెండేళ్ల బత్తాయి తొనలు

మా ఇంటి జ్యూసర్ ఇప్పుడు అటక మీద ఉంది. చెడిపోలేదు. అందరూ విటమిన్ సి అంటూ బత్తాయిల మీద పడ్డ 2020 చివర్లో కొన్నాను. మూడేళ్లకు పైగా దాదాపు రోజూ వాడాను. తరవాత దాన్ని పక్కన పెట్టి, రెండేళ్లుగా అవే పండ్లు ఒలుచుకుని తింటున్నాను. కొనాలా వద్దా అని విజయనగరంలో తెలిసినవాళ్లు తరచూ అడుగుతున్నారు కాబట్టి రెండింటి సంగతీ రాస్తున్నాను.

యంత్రంగా చూస్తే దాని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. జల్లెడ రంధ్రాల్లో ఇరుక్కున్న పీచుని పాత టూత్‌బ్రష్‌తో పది నిమిషాలు గీకాలి, అంతే. పొద్దున్న అయ్యకోనేరు గట్టు మీద నడిచి వచ్చి, మూడు బత్తాయిలు ఒలిచి వేస్తే పావు లీటరు గ్లాసు నిండేది. ఒక పక్క రసం, ఇంకో పక్క డబ్బాలో పిప్పి. ఆ పిప్పి ఎదురింటివాళ్ల గేదెకి వెళ్లేది. మా అమ్మ ఓ రోజు చూసి, "మంచిదంతా గేదికేస్తన్నావు, నువ్వు తాగుతన్నదేట్రా మరి, పంచదార నీళ్లా?" అంది. నవ్వేసి ఊరుకున్నాను.

2024 మొదట్లో రక్త పరీక్షలో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 శాతం వచ్చింది. అంటే షుగర్ జబ్బు కాదు గానీ దాని గుమ్మం దగ్గర ఉన్నట్టు. డాక్టరుగారు తిండి గురించి అడిగి, "రసం మానేసి పండు తినండి" అన్నారు. అదే పండు, అదే చక్కెర కదా, తేడా ఏముంటుంది అనుకున్నాను. గ్లూకోమీటర్ ఎలాగూ ఇంట్లో ఉంది. రెండు ఆదివారాలు పరగడుపున నా మీదే పరీక్ష పెట్టుకున్నాను: ఒక వారం మూడు బత్తాయిల రసం, మరుసటి వారం మూడు బత్తాయిల తొనలు.

తొనలు తిన్న రోజు అరగంటకు మీటరు 231 చూపించింది. గుండె ఆగినంత పనైంది. తరవాత గుర్తొచ్చింది, బత్తాయి ఒలిచిన వేలికే సూది గుచ్చుకున్నాను. వేలి మీది పండు రసంలో ఉన్న చక్కెర కూడా రక్తపు బొట్టులో కలిసి లెక్కకొచ్చింది. సబ్బుతో చేయి కడిగి, తుడుచుకుని ఇంకో వేలికి చూస్తే 141. పండు తిని చూసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. శానిటైజర్ రాసుకుంటే చాలదు, నీళ్లతో కడగాలి.

రసం తాగిన రోజు మొదట 101, అరగంటకు 153, గంటకు 126, రెండు గంటలకు 78. తొనలు తిన్న రోజు మొదట 99, అరగంటకు ఆ 141, గంటకు 129, రెండు గంటలకు 103.

153కీ 141కీ తేడా చూసి పండే గెలిచిందని చెప్పను. ఇంట్లో వాడే మీటర్లలో అటూ ఇటూ 15 శాతం దాకా తేడా మామూలే. చక్కెర ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్‌లో కూడా నారింజ పండు 43 దగ్గర, దాని రసం 50 దగ్గర ఉంటాయి. రసం విషం, పండు అమృతం అన్నంత దూరం అక్కడ లేదు. నేను చూడాల్సింది రెండు గంటల అంకె. రసం తాగిన రోజు షుగర్ మొదలైన చోటు కంటే కిందికి జారింది, సరిగ్గా అప్పుడే నాకు ఆకలి దంచేసింది. ద్రవం కడుపులోంచి పేగుల్లోకి త్వరగా దిగిపోతుంది. చక్కెర ఒక్కసారిగా వచ్చిపడితే ఒంట్లో ఇన్సులిన్ కూడా అవసరాన్ని మించి వస్తుంది, అది కాస్త ఎక్కువే లాగేస్తుంది. 1977లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో పదిమందికి ఆపిల్‌ని పండుగా, గుజ్జుగా, రసంగా ఇచ్చి చూశారు. షుగర్ పెరగడం మూడింటికీ దాదాపు ఒకేలా ఉంది. రసం తాగాక మాత్రం ఇన్సులిన్ ఎక్కువై, తరవాత షుగర్ కిందికి జారింది. పండు తిన్నప్పుడు అలా జారలేదు. గుజ్జు ఆ రెండింటికీ మధ్యలో నిలిచింది.

ఆ ప్రయోగంలో నాకు నచ్చిన అంకె ఇంకొకటుంది. పండు తినడానికి వాళ్లకు సుమారు 17 నిమిషాలు పట్టింది, రసానికి నిమిషంన్నర. నాకూ అదే అనుభవం. మూడు బత్తాయిల రసం రెండు నిమిషాల్లో గొంతు దిగేది. పరీక్ష రోజున మూడింటి తొనలూ నమిలి మింగడానికి ఇరవై నిమిషాలు పట్టింది, మూడో పండు మొహమాటానికి తిన్నట్టే తిన్నాను. ఆ తరవాత ఎప్పుడూ ఒకటి మించి తినలేదు. ఒక గ్లాసు రసంలో సుమారు 20 గ్రాముల చక్కెర ఉంటే, ఒక పండులో అందులో సగం కంటే తక్కువే. నాకు జరిగిన మేలులో పెద్ద వాటా ఇదే, పీచు చేసిన మాయ తరవాతి మాట.

అలాగని పీచుని తీసెయ్యడానికి లేదు. ఈ జాతి పండ్లలో అది ఎక్కువగా తొన మీది పల్చటి పొరలోనూ, దానికి అంటుకున్న తెల్లటి పీచులోనూ ఉంటుంది. పండుకి రెండు మూడు గ్రాములు. వడకట్టిన గ్లాసు రసంలో అర గ్రాము ఉంటే గొప్ప. మిగతాదంతా గేదె తిన్నట్టే. అందులో పెక్టిన్ అనే భాగం నీటిలో నాని జిగురులా మారి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది. అందుకే నేను తెల్ల పీచు గీకకుండా తింటాను. కాస్త చేదు.

రసంలో పీచు పొడి కలిపితే సరిపోదా అని మా బావమరిది వాదన. 2009లో భోజనానికి ముందు ఆపిల్ ముక్కలు ఇచ్చి చూసిన ఒక ప్రయోగంలో, ఏమీ తినని రోజుతో పోలిస్తే ముక్కలు తిన్నవాళ్లు మొత్తం మీద 15 శాతం తక్కువ కేలరీలు తిన్నారు. అందులో ఆపిల్ కేలరీలు కూడా లెక్కలో ఉన్నాయి. పీచు కలిపిన రసం అంత పని చెయ్యలేదు. నమలడం, కడుపులో ఆ పరిమాణం, పట్టే సమయం పొడితో రావు. మా ఇంట్లో లెక్క చెప్పాలంటే, రసం తాగిన రోజుల్లో దాని తరవాత ఆరు ఇడ్లీలు లాగించేవాడిని. ఇప్పుడు పండు తిన్నాక నాలుగుతో లేస్తున్నాను.

మిక్సీలో వేసి వడకట్టకుండా తాగితే పీచు ఎక్కడికీ పోదు, అది జ్యూసర్ కంటే నయం. పళ్లు లేని పెద్దవాళ్లకి అదే దారి. నమిలే శక్తి ఉన్నవాళ్లకి ఎందుకో నాకు అర్థం కాదు. మామిడి విషయంలో నన్ను నేనే మోసం చేసుకున్నాను. సువర్ణరేఖలు దిగాక, 'ముక్కలుగానే కదా తింటున్నాను' అనుకుని రెండేసి కాయలు లాగించాను. ముక్కలైనా 100 గ్రాములకు సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆ వేసవిలో నా అంకెలు మళ్లీ పైకే పోయాయి.

రసానికే ఓటు వెయ్యాల్సిన రోజూ ఒకటొచ్చింది. షుగర్ మాత్రలు వేసుకునే మా అత్తగారు ఓ మధ్యాహ్నం అన్నం ఆలస్యమై చెమటలు పట్టి, చేతులు వణుకుతూ కూర్చున్నారు. చూస్తే 61. అప్పుడు త్వరగా ఎక్కడమే కావాలి, తొనలు నమిలిస్తూ కూర్చోకూడదు. 15 గ్రాముల చక్కెర వచ్చేలా ముప్పావు గ్లాసు రసం ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూశాం. 92 వచ్చింది, ఆ తరవాత అన్నం పెట్టాం. ఆ రసం చేత్తోనే పిండాను. అటక మీంచి జ్యూసర్ దించే టైము లేదు.