పదకొండేళ్ల అనుభవం, ఒక్క పేజీ: లైన్ల లెక్కతో రెజ్యూమె కుదించే పద్ధతిపై సమీక్ష

రెజ్యూమెలో ఉద్యోగాల భాగాన్ని పదాల లెక్కన కాకుండా లైన్ల లెక్కన కుదించడం నాకు ఆరేళ్లుగా అలవాటు. నా రెజ్యూమెకే కాదు, స్నేహితులవీ, ఇంటర్వ్యూ ప్యానెల్లో నా ముందుకొచ్చినవీ చూసి సలహా చెప్పేటప్పుడూ ఇదే వాడతాను. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల అనుభవమున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు ఇది బాగా పనిచేస్తుంది. అయితే రెండుమూడు చోట్ల ఇబ్బంది పెడుతుంది, ఒక రకం ఉద్యోగాలకైతే అసలు పనికిరాదు.

ముందు పేజీలో ఎంత చోటుందో తేల్చుకోవాలి. ఎ4 కాగితం ఎత్తు 297 మిల్లీమీటర్లు. పైనా కిందా 15 మిల్లీమీటర్ల చొప్పున వదిలి, కాలిబ్రీ 10.5 సైజులో, సింగిల్ స్పేసింగుతో రాస్తే దాదాపు 58 లైన్లు పడతాయి. పేరు, ఫోను, మెయిలుకు 3, పరిచయానికి 2, స్కిల్స్‌కి 4, చదువుకి 2, విభాగాల శీర్షికలకు 4, మధ్య ఖాళీలకు ఇంకో 4 లైన్లు తీసేయండి. మొత్తం 53 లైన్లకే పరిమితం చేసుకుంటే ఉద్యోగాలకు 34 మిగులుతాయి. మొత్తం 58నీ ఎందుకు వాడుకోకూడదో చివర్లో చెబుతాను.

ఈ 34ని ఉద్యోగాలకు సమానంగా పంచకూడదు. 2014లో సర్వీస్ కంపెనీలో చేరి, 2018లో ఇంకో కంపెనీకి మారి, 2021 నుంచి ప్రొడక్ట్ కంపెనీలో ఉన్న జావా బ్యాకెండ్ ఇంజనీరునే తీసుకుందాం. ఇప్పటి ఉద్యోగానికి 15 లైన్లు: ఒకటి శీర్షిక, మిగతావి రెండేసి లైన్ల ఏడు బుల్లెట్లు. మధ్య ఉద్యోగానికి 11, మొదటిదానికి 5, మధ్య ఖాళీలకు 3. నాలుగేళ్లు చేసిన మొదటి ఉద్యోగానికి ఐదే లైన్లా అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ మన రెజ్యూమెలు నాలుగు పేజీలకు పాకేది సరిగ్గా ఆ ఉద్యోగం దగ్గరే.

ఎందుకంటే సర్వీస్ కంపెనీ అనుభవాన్ని మనవాళ్లు ప్రాజెక్టుల వారీగా రాస్తారు. క్లయింటు, వివరణ, ఎన్విరాన్‌మెంట్, దాని కింద రోల్స్ అండ్ రెస్పాన్సిబిలిటీస్. నాలుగు ప్రాజెక్టులుంటే ఈ వరస నాలుగుసార్లు వస్తుంది. ఆ నాలుగు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, రెండోసారి వచ్చిన ప్రతి మాటకూ అడ్డగీత కొట్టండి. డిజైన్ డాక్యుమెంట్లు, కోడింగ్, యూనిట్ టెస్టింగ్, డిఫెక్ట్ ఫిక్సింగ్, డైలీ మీటింగులు అన్నీ పోతాయి. మొదటిసారి వచ్చినవి మిగులుతాయి కదా, వాటికి ఇంకో పరీక్ష ఉంది. ఆ లైనును అదే టీంలో మీ పక్క సీటులో కూర్చున్న మనిషి రెజ్యూమెలో పెడితే అబద్ధమవుతుందా? కాదంటే తీసేయండి. సాధారణంగా 45 లైన్లలో మూడో నాలుగో మిగులుతాయి.

మన ఉదాహరణలో మిగిలింది ఇది. బీమా క్లెయిముల ప్రాజెక్టులో రాత్రి నడిచే బ్యాచ్ ప్రతి రికార్డుకూ ఒకసారి డేటాబేసులో కమిట్ చేసేది. దాన్ని 500 రికార్డులకోసారి చేసేలా మార్చడంతో ఆరు గంటల పని రెండు గంటలకు దిగింది. ఇదొక బుల్లెట్, రెండు లైన్లు. మిగతా మూడు ప్రాజెక్టులు కలిపి ఇంకో బుల్లెట్: రెండు బ్యాంకులకూ ఒక రిటైల్ సంస్థకూ చెల్లింపుల మాడ్యూళ్లు, చివరి ఏడాది నలుగురి టీంకి కోడ్ రివ్యూ బాధ్యత. శీర్షికతో కలిపి ఐదు లైన్లు సరిపోయాయి.

ఇప్పటి ఉద్యోగంలో కోత వేరు. అక్కడ పని విలువైనదే, వాక్యాలే లావు. ఒక బుల్లెట్ చూడండి. రెజ్యూమెలో ఇంగ్లీషులో ఉంటుంది, ఇక్కడ భావం తెలుగులో ఇస్తున్నాను: "వివిధ టీంలతో సమన్వయం చేసుకుంటూ జావా, స్ప్రింగ్ బూట్, కాఫ్కా వాడి పేమెంట్ రికన్సిలియేషన్ మైక్రోసర్వీసును డిజైన్ చేయడం, డెవలప్ చేయడం, మెయింటెయిన్ చేయడంలో బాధ్యత వహించి, ఆపరేషన్స్ టీం చేత్తో చేసే పనిని గణనీయంగా తగ్గించడంలో తోడ్పడ్డాను." ఇంగ్లీషులో ఇది మూడో లైనులోకి పాకుతుంది.

"బాధ్యత వహించి", "తోడ్పడ్డాను" ముందు పోవాలి. పని మీరు చేశారో, పక్కన నిలబడ్డారో ఆ మాటలు తేల్చవు. డిజైన్, డెవలప్, మెయింటెయిన్ మూడింటి బదులు "కట్టాను" ఒక్కటి చాలు. జావా, స్ప్రింగ్ బూట్ స్కిల్స్‌లో ఎలాగూ ఉన్నాయి, తీసేయొచ్చు. కాఫ్కాను ఉంచాలి, ఎందుకంటే ఈ పని స్వభావం చెప్పేది అదే. టీంల సమన్వయం ఎవరికైనా ఉండేదే. చివరికి "గణనీయంగా" అన్నచోట అంకె కావాలి. చివర తేలింది ఇది: "బ్యాంకు సెటిల్‌మెంట్ ఫైళ్లను మన రికార్డులతో సరిపోల్చే సర్వీసును కాఫ్కా మీద కట్టాను. రోజుకు 4 లక్షల లావాదేవీలు. చేత్తో చూడాల్సినవి రోజుకు 1,200 నుంచి 90కి తగ్గాయి." రెండు లైన్లే, కానీ మొదటిదానికన్నా ఎక్కువ సమాచారం ఉంది.

అంకె లేకపోతే కల్పించకండి. ఎలా కొలిచారని ఇంటర్వ్యూలో అడిగితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఎంత తగ్గిందో తెలియనప్పుడు ఎంత పెద్దదో చెప్పొచ్చు: ఎన్ని సర్వీసులు, ఆన్‌కాల్‌లో ఎందరు, వారానికి ఎన్ని రిలీజులు. అవి గుర్తుంటాయి, ఎవరడిగినా నిలబడతాయి.

నేను చాలా ఆలస్యంగా పట్టుకున్న లాభం ఒకటుంది. పైన చెప్పిన సైజులో, పక్కలకు 18 మిల్లీమీటర్ల చొప్పున వదిలితే, ఒక లైనులో దాదాపు 100 నుంచి 105 ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. బుల్లెట్ 115 అక్షరాలుంటే చివరి ఒకటి రెండు మాటలు కిందికి జారి లైనంతా తినేస్తాయి. ఆ రెండు మాటలు తగ్గిస్తే ఒక లైను పూర్తిగా తిరిగొస్తుంది. ఇలాంటివి ఒక రెజ్యూమెలో ఐదారు దొరుకుతాయి. అంటే విషయం ఏమీ పోకుండానే దాదాపు ఇంకో మూడు బుల్లెట్లకు చోటు. అందుకే కోత మొదలుపెట్టే ముందే ఫాంటూ మార్జినూ ఖరారు చేసుకోవాలి. తర్వాత మారిస్తే లైన్లు విరిగే చోట్లు మారి లెక్కంతా చెడుతుంది. ఫాంటును 9కి దించి ఇమిడ్చిన రెజ్యూమె ప్రింటు తీస్తే కళ్లు చికిలించాల్సొస్తుంది. అక్కడ కుదించింది అక్షరాలనే, రాతను కాదు.

ఇక ఇబ్బందులు. మొదటిది కీవర్డులు. ఎన్విరాన్‌మెంట్ లైన్లు తీసేశాక ఏ టెక్నాలజీ ఎన్నేళ్లు వాడారో కనబడదు. జాబ్ పోర్టల్లో వెతికే రిక్రూటరుకు అదే కావాలి. ఈ పద్ధతిలో నాకు నచ్చని భాగం ఇదే. దీనికి విరుగుడు, ప్రతి ఉద్యోగంలో చివరి బుల్లెట్ లైను మధ్యలో ఆగేలా రాసి, మిగిలిన చోట్లో ఆ ఉద్యోగంలో రోజూ వాడిన మూడు నాలుగు టెక్నాలజీల పేర్లు పెట్టడం. అదనపు లైను పట్టదు. పాత ఉద్యోగంలో ఒరాకిల్ వాడి, ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ వాడుతున్నవాళ్లకు ఇది తప్పనిసరి.

రెండోది, కోత మత్తులో కంపెనీలనే తీసేయడం. ఎనిమిది నెలలే చేశాం కదా అని ఒక కంపెనీని వదిలేయడం, పక్క కంపెనీ తేదీలు దాని మీదికి జరపడం చూశాను. మన దగ్గర బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో రిలీవింగ్ లెటరు, పీఎఫ్ రికార్డులు చూస్తారు. నెల తేడా ఉన్నా వివరణ అడుగుతారు, ఆఫర్ ఆగొచ్చు కూడా. కాబట్టి ఎంత చిన్న ఉద్యోగమైనా కంపెనీ పేరు, హోదా, నెలతో సహా తేదీలు ఒక లైనులో ఉండాల్సిందే. బుల్లెట్లు సున్నా అయినా ఫర్వాలేదు. ఒకే కంపెనీలో రెండు ప్రమోషన్లొస్తే మాత్రం మూడు శీర్షికలు అక్కర్లేదు. హోదాలు ఒకే లైనులో బాణం గుర్తుతో రాస్తే చాలు.

మూడోది సంక్షిప్త పదాలు. లైను మిగల్చాలని కంపెనీ లోపల వాడే మూడక్షరాల పేర్లు పెడితే బయటివాళ్లకు అర్థం కాదు. మీ పనితో సంబంధం లేని ఇంజనీరుకు ఒకసారి చదివించండి. ఎక్కడ ఆగి అడుగుతారో అక్కడ విప్పి రాయాలి, లైను ఖర్చయినా సరే.

ఉద్యోగాల బయట కోసేవాటికి పెద్దగా ఆలోచన అక్కర్లేదు. డిక్లరేషన్, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, హాబీలు పూర్తిగా తీసేయండి. ఏడెనిమిది లైన్లు అక్కడే మిగులుతాయి. ఇంటరు, పదో తరగతి మార్కులు కూడా ఈ అనుభవానికి అవసరం లేదు. చోటు కోసం రెండు కాలమ్‌ల టేబుల్ మాత్రం వాడకండి. మనిషికి బాగానే కనిపిస్తుంది, కానీ పోర్టల్లోని సాఫ్ట్‌వేర్ ఎడమ కాలమ్ లైనునూ కుడి కాలమ్ లైనునూ కలిపి చదివేయొచ్చు. పంపే ముందు, పీడీఎఫ్ ఫైళ్లను పరిశీలించే పాప్లర్ టూల్స్ ఉన్న కంప్యూటర్లో ఈ రెండూ నడిపి చూస్తాను:

```
pdfinfo resume.pdf
pdftotext resume.pdf -
```

మొదటిదానిలో `Pages` ఎదురుగా 1 ఉండాలి, `Page size` కూడా చూసుకోవాలి. రెండోది ఫైల్లోని అక్షరాలను వరసగా చూపిస్తుంది. అక్కడ ఒక కంపెనీ తేదీలు ఇంకో కంపెనీ కింద కనిపిస్తే లేఔట్ మార్చాలి.

పేజీ సైజు దగ్గరే ఆ మిగిల్చిన లైన్ల సంగతి. అమెరికాలో వాడే లెటర్ కాగితం ఎత్తు 279 మిల్లీమీటర్లు, మన ఎ4 కన్నా 18 తక్కువ. 58 లైన్లూ నింపిన వర్డ్ ఫైలును అక్కడివాళ్లు లెటర్ సైజుకు మార్చుకుంటే మూడు నాలుగు లైన్లు రెండో పేజీకి జారతాయి. 53 దగ్గర ఆపితే రెండిట్లోనూ ఒక్క పేజీలోనే నిలుస్తుంది.

మొదటిసారి ఈ పనికి రెండు విడతల్లో నాలుగైదు గంటలు పడుతుంది. తర్వాత ఒక కొత్త బుల్లెట్ చేర్చి ఒక పాతది తీయడానికి అరగంట చాలు. కోసిన లైన్లను మాత్రం చెరిపేయకండి. నాలుగు పేజీల పాత ఫైలును అలాగే దాచుకోవాలి. అమెరికాలో కన్సల్టెన్సీల ద్వారా కాంట్రాక్టు ఉద్యోగాలకు వెళ్లే మనవాళ్లను వెండర్లు ప్రాజెక్టు వారీగా, ఎన్విరాన్‌మెంట్ లైన్లతో సహా పొడుగు రెజ్యూమె అడుగుతారు. ఒక్క పేజీ పంపితే అనుభవం తక్కువనుకుని పక్కన పెడతారు. అక్కడికి ఆ పాత ఫైలే వెళ్లాలి. తేదీలూ హోదాలూ రెండు ఫైళ్లలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి.